చేప, పాలు, రాత్రి పెరుగు: అపోహ ఏది, అపాయం ఏది

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం కృష్ణా పశ్చిమ డెల్టాలోని వరి మాగాణి. తెనాలికి దగ్గరలో ఉన్న కొలకలూరు వంటి గ్రామాలలో భోజనానికి ఆధారం అన్నం, పాడి, చేప. కాలువలు, చెరువుల నుంచి శీలావతి, బొచ్చె, కొరమీను వస్తే, నిజాంపట్నం తీరం నుంచి కనగర్తలు, కవళ్ళు, వంజరం, సూర వస్తాయి. ఈ మూడూ ఒకే ఇంట్లో దొరికే చోటనే, వీటిని కలపకూడదనే మాట కూడా ఎక్కువగా వినిపిస్తుంది. చేపల కూర తిన్న పూట పాలు తాగితే బొల్లి వస్తుందని, రాత్రి పెరుగు తింటే కఫం పట్టుకుంటుందని పెద్దలు పిల్లలకు చెబుతారు. వ్యవసాయ విస్తరణ కార్యకర్తలు పోషకాహార సమావేశాలలో పాలు, పెరుగు, చేపల గురించి చెప్పగానే మొదట ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే. ఆ ప్రశ్నను మూఢనమ్మకమని కొట్టిపారవేస్తే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, చేప తిన్న తరువాత దద్దుర్లు వచ్చిన మాట, రాత్రి అన్నం తిన్న తరువాత వాంతులైన మాట నిజమే కావచ్చు. తప్పంతా కారణాన్ని గుర్తించడంలో ఉన్నది.

గ్రంథాలలో ఉన్న మాట

ఈ నిషేధాలు ఊరకనే పుట్టినవి కావు. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహార ప్రస్తావన ఉన్నది. చేప, పాలు రెండూ మధుర రసం కలవే అయినా ఒకటి ఉష్ణ వీర్యం, మరొకటి శీత వీర్యం కనుక కలిపి తినరాదని అక్కడ చెప్పబడింది. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, ఆ సభలోనే దీనిపై భిన్నాభిప్రాయం కనిపిస్తుంది. చిలిచిమమనే ఒక్క చేపను విడిచి మిగిలిన చేపలన్నిటినీ పాలతో తినవచ్చునని భద్రకాప్యుడు అంటాడు. ఆత్రేయుడు అంగీకరించక, ఏ చేపనూ పాలతో తినరాదని, విశేషించి చిలిచిమాన్ని పాలతో తినరాదని చెబుతాడు. అంటే ఈ నియమం తొలినాళ్ళలోనే చర్చకు నిలిచినది.

రాత్రి పెరుగు నిషేధం అదే స్థానంలోని 7వ అధ్యాయంలో ఉన్నది. రాత్రి పెరుగు తినరాదని, వేడి చేసి తినరాదని, నెయ్యి గాని చక్కెర గాని పెసరకట్టు గాని తేనె గాని ఉసిరిక గాని లేకుండా తినరాదని అక్కడి నియమం. వాడుకలో మొదటి మాట మాత్రం నిలిచి, తక్కినవి జారిపోయాయి. మధ్యాహ్నం ఉత్త పెరుగన్నం తినే ఇంటివారు ఎవరూ ఆ శ్లోకాన్ని ఉల్లంఘించామని భావించరు. ఉష్ణ వీర్యం, శీత వీర్యం అనే భావనలు ఆయుర్వేదంలో ఒక వర్గీకరణ పద్ధతికి చెందినవి. వాటిని ప్రయోగశాలలో కొలిచే గుణాలుగా భావించరాదు. అందువలన ఇక్కడ పరిశీలించవలసినది ఒక్కటే: ఈ పదార్థాలు కలిసినప్పుడు శరీరంలో హాని కలుగుతున్నదా, లేదా?

కడుపులో జరిగేది

పాలు కడుపులోకి చేరిన వెంటనే అక్కడి ఆమ్లం వలన విరిగిపోతాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు ఆమ్లత పి.హెచ్. 4.6 దగ్గరకు రాగానే గడ్డకడుతుంది. ఒట్టి పాలు తాగినా ఇదే జరుగుతుంది; చేప ఉన్నందువలన కొత్తగా జరిగేది ఏమీ లేదు. చింతపండు పులుసులో పాలు పోస్తే విరిగినట్లే కడుపులోనూ విరుగుతాయని భయపడేవారు, ఆ విరగడమే జీర్ణక్రియలో మొదటి మెట్టు అని గ్రహించవలసి ఉన్నది. చేపలోని మాంసకృత్తులను, పాలలోని మాంసకృత్తులను పెప్సిన్, ట్రిప్సిన్ అనే ఒకే ఎంజైములు ముక్కలు చేస్తాయి. ఆ రెండిటి మధ్య విషపదార్థం పుట్టే రసాయన చర్య ఏదీ తెలియరాలేదు. బెంగాలులో పెరుగుతో చేపకూర వండుతారు. ఉత్తర ఐరోపాలో, ఉత్తర అమెరికా తూర్పు తీరంలో పాలు, మీగడ పోసి చేపల చారు కాస్తారు. ఆ దేశాలలో బొల్లి మనకంటే ఎక్కువగా ఏమీ లేదు. ప్రపంచ జనాభాలో సుమారు అర శాతం నుంచి రెండు శాతం వరకు ఈ సమస్య కనిపిస్తుంది. చేప ముట్టని శాకాహార కుటుంబాలలోనూ కనిపిస్తుంది.

బొల్లిలో శరీర రక్షణ వ్యవస్థ తన సొంత రంగు కణాలను, అంటే మెలనోసైట్లను, శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. ఇందులో వంశపారంపర్య గుణానికి కొంత పాత్ర ఉన్నది. తిన్న పదార్థాల జోడింపుకు పాత్ర లేదు.

ఈ అపోహ వలన నిజమైన ప్రమాదం మరొకచోట ఉన్నది. చర్మంపై తెల్లమచ్చ కనిపించగానే చేప, పాల మీదకు నెపం నెట్టి, పథ్యం పట్టి నెలలు గడిపే కుటుంబాలు ఉన్నాయి. అన్ని తెల్లమచ్చలూ ఒకటి కావు. పాలవలె తెల్లగా, అంచులు స్పష్టంగా ఉండి, స్పర్శ మామూలుగా ఉన్న మచ్చ బొల్లి కావచ్చు. మెడ, ఛాతీ, వీపులపై సన్నని పొట్టుతో వచ్చే మచ్చలు శోభి. ఇది శిలీంధ్రం వలన వచ్చేది, మందు రాస్తే తగ్గేది. పిల్లల బుగ్గలపై పొడిబారిన వెలిసిన మచ్చలు చాలావరకు వాటంతట అవే పోతాయి. వెలిసిన మచ్చ మీద దూదిపోగుతో తాకినప్పుడు స్పర్శ తెలియకపోతే మాత్రం కుష్ఠు వ్యాధిని అనుమానించి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. దానికి బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా లభిస్తుంది. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని, వేళ్ళు వంకరపోయే అవకాశం ఉన్నది. పాలు మానిపించి గడిపిన ఆ నెలలు తిరిగి రావు. విస్తరణ కార్యకర్త జేబులో దూదిపోగు ఉంచుకోవడం కష్టమైన పని కాదు.

చేప తిన్న తరువాత దద్దుర్లు: ఒక ఉదాహరణ

చేప తిన్న కొద్దిసేపటికి ముఖం ఎర్రబడి, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి, తలనొప్పి, గుండెదడ కలగడం కల్పన కాదు. దాని పేరు హిస్టమిన్ విషప్రభావం. చేప మాంసంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కనగర్త, సూర, వంజరం, కవళ్ళు, నెత్తళ్ళ వంటి సముద్రపు చేపలలో ఇది స్వేచ్ఛగా ఎక్కువ మోతాదులో ఉంటుంది. చేప చనిపోయిన తరువాత చల్లగా ఉంచకపోతే, మొప్పలలో, పేగులలో ఉన్న కొన్ని సూక్ష్మజీవులు పెరిగి, తమ ఎంజైముతో ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. మొర్గనెల్లా మొర్గాని అనే సూక్ష్మజీవి వీటిలో ముఖ్యమైనది. కనగర్త పేరు ఇక్కడ ఒక ముచ్చట గుర్తు చేస్తుంది. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపలపై 1803లో ప్రచురించిన గ్రంథంలో తెలుగు పేరుతోనే ఈ చేపను వర్ణించాడు. దాని శాస్త్రీయ నామంలో నేటికీ ఆ తెలుగు మాటే నిలిచి ఉన్నది.

ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకుని లెక్క చూద్దాం. తెల్లవారుజామున మూడు గంటలకు సముద్రంలో పట్టిన కనగర్తలు ఐసు లేకుండా గంపలో ఒడ్డుకు చేరాయి. ఎనిమిదింటికి సైకిల్ మీద ఊళ్ళోకి వచ్చాయి. పదింటికి కొని, ఇంట్లో నీళ్ళ పాత్రలో ఉంచి, ఒంటిగంటకు పులుసు వండారు. వేసవి రోజు, నీడలో కూడా 33 డిగ్రీలు. చేప చనిపోయి పది గంటలు గడిచాయి. అంతర్జాతీయంగా అనుసరించే మార్గదర్శకాల ప్రకారం గాలి గాని నీరు గాని 28 డిగ్రీలకు మించి వేడిగా ఉన్నప్పుడు ఇటువంటి చేపలను చనిపోయిన ఆరు గంటలలోగా ఐసులోకి చేర్చాలి. అంతకంటే చల్లగా ఉన్నప్పుడు తొమ్మిది గంటల వరకు గడువు ఉంటుంది. ఈ ఇంటికి వచ్చిన చేప ఆ గడువు దాటినది.

ఆ పూట నలుగురు పులుసు తిన్నారు, ఇద్దరు చివర పెరుగన్నం కలుపుకున్నారు. అరగంటలో ఆ ఇద్దరిలో ఒకరికి, పెరుగు తినని మరొకరికి ముఖం, మెడ ఎర్రబడ్డాయి. పెరుగు తిన్న వ్యక్తిని చూసినవారు చేప, పెరుగు కలిసి ఒళ్ళు కాలినదని చెప్పుకుంటారు. పెరుగు తినకుండానే ఎర్రబడిన రెండవ మనిషి ఆ కథలో కనిపించడు. ఇక్కడ తర్కం ఎక్కడ తప్పినదో గమనించడం అవసరం: పెరుగు తిన్నవారు, తిననివారు, అస్వస్థులైనవారు, కానివారు అనే నాలుగు గడులు పూర్తిగా నింపకుండా కారణం చెప్పరాదు.

హిస్టమిన్ మోతాదు ఎంతైతే హాని? ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2012లో ఆరోగ్యవంతునికి ఒక భోజనంలో 50 మిల్లీగ్రాముల వరకు దుష్ప్రభావం కనిపించదని నిర్ధారించారు. 250 గ్రాముల చేప తింటారని లెక్కిస్తే, కిలో చేపలో 200 మిల్లీగ్రాములకు అది సమానం. కోడెక్స్ నిర్దేశించిన భద్రతా పరిమితి కూడా ఇదే. పై ఉదాహరణలోని చేపలో కిలోకు 500 మిల్లీగ్రాముల హిస్టమిన్ ఏర్పడినదనుకుంటే, 200 గ్రాములు తిన్న మనిషికి 100 మిల్లీగ్రాములు చేరాయి, పరిమితికి రెండింతలు. అయితే చేప మొత్తంలో హిస్టమిన్ సమంగా ఉండదు. కొన్ని ముక్కలలో చాలా ఎక్కువ, కొన్నిటిలో తక్కువ. ఒకే కుండలో తిన్న నలుగురిలో ఇద్దరికే దద్దుర్లు రావడానికి ఇదే కారణం.

విషయం ఇంతటితో తేలదు. హిస్టమిన్ ఏర్పడిన తరువాత దానిని తొలగించే వంట పద్ధతి ఏదీ లేదు. ఉడికించినా, వేయించినా, చింతపండు పులుసులో కాచినా అది నిలిచే ఉంటుంది. ఉప్పు వేసి ఎండబెట్టినా నిలిచే ఉంటుంది. తీరంలో ఎండబెట్టడానికి ముందే చేప చాలాసేపు ఎండలో పడి ఉంటే, ఎండు చేపలో ఆ హిస్టమిన్ అలాగే ఉంటుంది. పుట్టిన ఎంజైము చల్లదనంలో కూడా నెమ్మదిగా పనిచేయగలదు కనుక ఆలస్యంగా ఫ్రిజ్‌లో పెట్టడం వలన జరిగిన పొరపాటు సరిదిద్దబడదు. మరొక చిక్కు ఏమిటంటే, వాసన, రంగు మామూలుగా ఉన్నంత మాత్రాన సురక్షితమని చెప్పలేము. తిన్నప్పుడు నాలుకకు మిరియపు కారంలా చురుకు తగిలితే అది ఒక సూచన. ఆ ముక్కను వెంటనే పక్కన పెట్టాలి.

ఇది చేప అలెర్జీ కాదా అనే సందేహం రావచ్చు. లక్షణాలు చాలా దగ్గరగా ఉంటాయి. గుర్తించే దారి ఉన్నది. ఒకే వంట తిన్న పలువురు ఒకేసారి అస్వస్థులైతే, వారిలో గతంలో ఆ చేపను హాయిగా తిన్నవారు ఉంటే, హిస్టమిన్‌ను అనుమానించాలి. ఒక్క మనిషికి మాత్రమే, తాజా చేపతో కూడా, ప్రతిసారీ వస్తూ ఉంటే అది అలెర్జీ. చిన్న ముక్క కూడా చాలు, వైద్యుని సలహాతో ఆ చేపను శాశ్వతంగా మానవలసి ఉంటుంది. హిస్టమిన్ ప్రభావం పది నిమిషాల నుంచి రెండు గంటలలో మొదలై, సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. వైద్యులు యాంటీహిస్టమిన్ మందు ఇస్తారు. ఊపిరి ఆడకపోయినా, గొంతు, నాలుక వాచినా, స్పృహ తప్పినా కారణం కోసం వెతకకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

నివారణ మొత్తం ఐసులో ఉన్నది. పడవలోనే చేపకు సమాన బరువులో ఐసు వేసి, పొరపొరగా పేర్చి, కరిగిన నీరు బయటకు పోయేటట్లు పెట్టెకు రంధ్రం ఉంచాలి. అమ్మేవారు గంపలో పైన ఒక గుప్పెడు ఐసు చల్లితే అడుగు చేప చల్లబడదు. కొనేవారు మొదట పేగు, మొప్పలు తీయించాలి. సూక్ష్మజీవులు అధికంగా ఉండేది అక్కడే. ఇంట్లో వండే వరకు ఫ్రిజ్‌లోని అతి చల్లని అరలో ఉంచాలి. కాలువ, చెరువు చేపలైన శీలావతి, బొచ్చె వలన హిస్టమిన్ సమస్య అరుదు. ప్రమాదపు జాబితాలో ముందుండేవి సముద్రపు సూర, కనగర్త, వంజరం, కవళ్ళే.

రాత్రి పెరుగన్నం: అనుమానించవలసినది అన్నాన్ని

రాత్రి పెరుగు తింటే జలుబు చేస్తుందనే మాటకు ఆధారం బలహీనమైనది. పాలు తాగితే కఫం పెరుగుతుందా అనే ప్రశ్నపై 1990లో అడిలైడ్‌లో జరిగిన అధ్యయనంలో జలుబు వైరస్‌ను కావాలని ఇచ్చిన 60 మందిని పరిశీలించారు. పాలు ఎక్కువగా తాగినవారికి శ్లేష్మం ఎక్కువ రాలేదు. పాలు, లాలాజలంతో కలిసి గొంతులో పలుచని పొరలా అనిపిస్తాయి. దానినే చాలామంది కఫమని భావిస్తారు. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లని పెరుగు గొంతుకు ఇబ్బంది కలిగిస్తే అది చల్లదనం సంగతి. కడుపునిండా తిని వెంటనే పడుకుంటే పులితేన్పులు రావడం ఏ భోజనంతోనైనా జరిగేదే. పాలలోని లాక్టోజ్ పడనివారికి పాలకంటే పెరుగు తేలిక. తోడు సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను ముందే వాడుకుంటాయి.

అయితే రాత్రి పెరుగన్నం తిన్న కొన్ని గంటలకు వాంతులైన సందర్భాలలో కారణాన్ని అన్నంలో వెతకాలి. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి మాగాణి మట్టిలో, ధాన్యంలో, బియ్యంలో సహజంగా ఉంటుంది. దాని బీజాలు మరుగుతున్న నీళ్ళలో కూడా చావవు. వంట వేడి తగిలిన తరువాత, గిన్నెలో అన్నం గోరువెచ్చగా ఉన్న దశలో అవి మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. సన్న బియ్యం, ముతక బియ్యం అనే భేదం ఇక్కడ లేదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 అన్నమైనా అంతే.

అన్నం ఉదయం పదకొండింటికి వండి, మూతపెట్టి, వంటింట్లో వదిలి, రాత్రి ఎనిమిదింటికి తింటారనుకుందాం. మొదటి గంట చల్లారడానికి పోతే, మిగిలిన ఎనిమిది గంటలు సూక్ష్మజీవికి అనువైన వేడి. గ్రాముకు పది సూక్ష్మజీవులతో మొదలై, అరగంటకు ఒకసారి రెట్టింపైతే 16 సార్లు రెట్టింపవుతాయి. అంటే సుమారు 65 వేల రెట్లు. గ్రాముకు పది కాస్తా ఆరున్నర లక్షలకు చేరుతుంది. గ్రాముకు లక్ష దాటితే సాధారణంగా హాని కలిగే స్థాయికి వచ్చినట్లు భావిస్తారు. ఇది ఒక అంచనా లెక్క మాత్రమే. గిన్నె మందం, అన్నం తడి, ఆనాటి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. కానీ లక్ష గీత దాటడానికి రాత్రి వరకు ఆగనక్కరలేదని అది చూపుతుంది.

ఇంతలో ఆ సూక్ష్మజీవి సెరియులైడ్ అనే విషాన్ని కూడా తయారుచేస్తుంది. ఇది వాంతులు కలిగించే విషం. 121 డిగ్రీల వేడిలో 90 నిమిషాలు ఉంచినా నశించనిది. అందువలన రాత్రి పొయ్యి మీద ఆవిరిపట్టినంత మాత్రాన అన్నం సురక్షితం కాదు. అస్వస్థత తిన్న అరగంట నుంచి ఆరు గంటలలో వాంతులతో మొదలవుతుంది. పేగులలో ఏర్పడే మరొక రకం విషం వలన 8 నుంచి 16 గంటల తరువాత విరేచనాలు వస్తాయి. సమయాన్ని అడిగి తెలుసుకుంటే రెండింటినీ వేరుచేయవచ్చు.

ఈ కథలో పెరుగు పాత్ర విచిత్రమైనది. పెరుగు ఆమ్లత పి.హెచ్. 4.5 చుట్టూ ఉంటుంది. పి.హెచ్. 5 కంటే దిగువన బాసిల్లస్ సీరియస్ పెరుగుదల చాలావరకు ఆగిపోతుంది. అంటే వండిన కొద్దిసేపటికే పెరుగు కలిపితే అది అన్నాన్ని కాపాడుతుంది. ఎనిమిది గంటలు ఊరిన అన్నంలో రాత్రి కలిపితే అప్పటికే ఏర్పడిన విషాన్ని తొలగించదు. నింద మాత్రం చివరగా చేరిన పెరుగు మీద పడుతుంది.

పాతకాలపు పెరుగు చద్ది ఈ శాస్త్రాన్ని చేతలలో చూపుతుంది. గోరువెచ్చని అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, తోడు కలిపి, రాత్రంతా ఉంచి ఉదయం తింటారు. లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవులు ముందుగా బలం పుంజుకొని ఆమ్లాన్ని పెంచితే ఇతరాలకు చోటు ఉండదు. ఇది పోటీ కనుక తోడు బలహీనమైతే ఓడిపోయే పోటీ కూడా. అన్నం పొగలు కక్కుతుండగా తోడు వేస్తే తోడులోని సూక్ష్మజీవులే చస్తాయి. వేలికి గోరువెచ్చగా తగిలేటప్పుడు వేయాలి. లీటరు పాలకు రెండు, మూడు చెంచాల తాజా, పుల్లని తోడు ఉండాలి. నీళ్ళు ఓడిన పాత పెరుగు పనికిరాదు. ఉదయానికి పాలు గట్టిగా తోడుకొని, శుభ్రమైన పులుపు వాసన రావాలి. తోడుకోక పాలు పలుచగానే ఉన్నా, జిగురు సాగినా ఆ గిన్నెను పారవేయడమే మంచిది. నీళ్ళు పోసి పులియబెట్టిన చద్దన్నంలో తోడు వేయరు కనుక పులుపు ఎక్కడం ఆలస్యమవుతుంది. అక్కడ మరింత జాగ్రత్త కావాలి.

రాత్రికి అన్నం దాచవలసి వస్తే లోతు గిన్నెలో ముద్దగా ఉంచరాదు. వెడల్పు పళ్ళెంలో పలుచగా పరచి, వేడి తగ్గగానే, రెండు గంటలలోగా, చిన్న గిన్నెలలో ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో పూటకు సరిపడా వండుకోవడం, లేదా పైన చెప్పినట్లు వెంటనే పెరుగు కలపడం తగిన దారులు.

నిజంగా కలపరానివి

ఆహారంలో ఒక పదార్థం మరొకదానికి విరుద్ధమనే మాట అంతా తప్పు కాదు. అది ఎక్కువగా మందులకు, ఆహారానికి మధ్య నిజమవుతుంది. క్షయ చికిత్సలో వాడే ఐసోనియాజిడ్, హిస్టమిన్‌ను విరిచే ఎంజైములను అడ్డుకుంటుంది. ఆ మందు వాడుతున్నవారు సూర, కనగర్త వంటి చేపలు తింటే ఇతరులకు హాని చేయని మోతాదు కూడా ముఖం ఎర్రబడటం, తలనొప్పి, గుండెదడ కలిగించవచ్చు. అలాంటప్పుడు మందు మానరాదు. ఆ చేపను మాని, వైద్యునికి తెలపాలి. చెరువు చేప, గుడ్డు, పాలు, పప్పులు వారికి తగినవి. క్షయ రోగికి మాంసకృత్తులు మామూలుకంటే ఎక్కువ అవసరం. అందుకే కేంద్ర ప్రభుత్వం 2018లో నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు ఇవ్వడం ప్రారంభించి, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలకు పెంచింది. అటువంటి రోగికి చెరువు చేప తిన్న పూట పాలు వద్దని చెప్పేవారు ఆ మొత్తాన్ని నిరుపయోగం చేస్తున్నారు.

పెరుగు విషయంలో కూడా అసలు జాగ్రత్త ఇక్కడే ఉన్నది. యాంటీబయాటిక్ వాడేటప్పుడు కడుపులో మంట రాకుండా పెరుగన్నం తినమని ఊళ్ళలో సలహా ఇస్తారు. చాలా మందులకు అది హాని చేయదు. కానీ సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ వంటి మందులు పాలు, పెరుగులోని కాల్షియంతో అతుక్కొని రక్తంలోకి సరిగా చేరవు. జ్వరం తగ్గక, మందు పనిచేయలేదని మరొకటి మార్చే పరిస్థితి వస్తుంది. ఇవి వేసుకోవడానికి ముందు, తరువాత రెండేసి గంటల పాటు పాలు, పెరుగు, మజ్జిగ దూరంగా ఉంచాలి. ఇనుము మాత్రలు తీసుకునే గర్భిణులు, బాలికలు కూడా మాత్రను పాలు, టీలతో మింగరాదు. నీళ్ళతో మింగి, పాలను మరొక పూటకు ఉంచుకోవాలి. అదే గర్భిణికి మధ్యాహ్నం శీలావతి పులుసు, ఆ వెంట పెరుగన్నం నిరభ్యంతరంగా వడ్డించవచ్చు.